మస్జిద్ బోర్డు మీద చిన్న ముల్లు అబద్ధం చెబుతోంది



ఈసారి నేను రాసేది చదివి మా మస్జిద్ కమిటీ పెద్దలు కొందరు నారాజ్ అవుతారని తెలుసు. మస్జిద్ పేరు రాయను. రాయాల్సిన అవసరమూ లేదు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా రోడ్డు పక్కన ఏ మస్జిద్‌లో ఆగి వుజూ చేసుకున్నా, గోడ మీద అదే బోర్డు కనిపిస్తుంది. ఆకుపచ్చ రంగు, అద్దం తలుపు, లోపల ఆరు గడియారం బొమ్మలు. ఫజ్ర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా, జుమా. ఆ గడియారాలు నడవవు. జమాఅత్ టైమ్ మారినప్పుడల్లా ఎవరో ఒకరు స్టూలు ఎక్కి ముళ్లు చేత్తో తిప్పుతారు. నా ఫిర్యాదు ఆ తిప్పడం గురించే.

జరిగింది ఇది. పోయిన చలికాలం మా చెల్లి పిల్లలతో మాయికాకి వచ్చింది. అబ్బాకి వారం రోజులుగా జ్వరం, నమాజ్ ఇంట్లోనే. కాస్త నయమైన రోజు ఇషాకి మస్జిద్‌కి వెళ్తానన్నారు. ఆ మధ్యనే ఇషా టైమ్ మార్చారని విన్నాం, ఎంతకు మార్చారో తెలీదు. మా భాంజాకి ఎనిమిదేళ్లు, మూడో క్లాసు. గడియారం చూడ్డం అప్పుడప్పుడే పట్టుబడుతోంది. "వెళ్లి బోర్డు చూసి రా బేటా" అని పంపారు. వాడు పరుగెత్తుకుంటూ వెళ్లి, పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు: "నానా, పౌనే ఆఠ్."

అబ్బా ఏడున్నరకే బయల్దేరారు. మోకాళ్ల నొప్పితో మెల్లగా నడిచి చేరారు. మస్జిద్‌లో ఎవరూ లేరు. జమాఅత్ పౌనే నౌకి. దుకాణాలు మూసి వచ్చేవాళ్ల కోసం వెనక్కి జరిపారట. చలిలో గంటసేపు కూర్చుని నమాజ్ చదువుకుని ఇంటికొచ్చారు. వాణ్ని పిలిచి, "మూడో క్లాసుకొచ్చావు, గడియారం కూడా చూడ్డం రాదా?" అన్నారు. పెద్దగా అరవలేదు. కానీ అందరి ముందూ అన్నారు. వాడు ఒక్క మాటే అన్నాడు. "నానా, ఛోటా కాంటా ఆఠ్ పే ఇచ్ హై." ఆ తర్వాత రెండు రోజులు గోడ గడియారం వైపు కూడా చూడలేదు. టైమ్ ఎంతయిందని అడిగితే, "నాకు రాదు, అమ్మీని అడగండి" అనేవాడు.

మర్నాడు ఫజ్ర్ తర్వాత నేను బోర్డు ముందు నిలబడ్డాను. ఇషా గడియారంలో పెద్ద ముల్లు 9 మీద ఉంది. చిన్న ముల్లు సరిగ్గా 8 మీద ఉంది, సూది పెట్టి గుచ్చినట్టు. తిప్పినాయన మనసులో "ఎనిమిది నలభై ఐదు" అనుకున్నాడు. చిన్నదాన్ని ఎనిమిది మీద పెట్టాడు, పెద్దదాన్ని నలభై ఐదు మీద పెట్టాడు, అద్దం మూసి తాళం వేశాడు. ఆయన పని అయిపోయింది.

కానీ ప్రపంచంలో నడిచే ఏ గడియారమూ ఆ రూపంలో ఎప్పుడూ కనిపించదు. పెద్ద ముల్లు 9 దగ్గరికి వచ్చేసరికి చిన్న ముల్లు ఏ అంకె మీదా ఉండదు. ఒక అంకె దాటి, ముప్పావు దూరం నడిచి, తర్వాతి అంకెకి పావు దూరంలో ఉంటుంది. నిజంగా 8:45 అయితే చిన్న ముల్లు 9కి దగ్గర్లో ఉండాలి. 7:45 అయితే 8కి దగ్గర్లో ఉండాలి. మరి 8 మీదే ఉన్న ఆ ముల్లు దేనికి దగ్గర? 7:45 చోటుకి పావు దూరం, 8:45 చోటుకి ముప్పావు దూరం. అంటే మావాడు చదివిందే సబబు. పిల్లాడు గడియారాన్ని గడియారంలా చదివాడు. పెద్దాయన దాన్ని సెల్‌ఫోన్ అంకెల్లా పెట్టాడు. మాట పడింది మాత్రం పిల్లాడు.

మిగతా ఐదూ చూశాను. ఒక్క మగ్రిబ్ తప్ప అన్నింట్లో చిన్న ముల్లు అంకె మీదే. అద్దం వెనక అబద్ధం ఐదుసార్లు. మన పిల్లలు వుజూ చేసుకుంటూ, మక్తబ్ మొదలయ్యే ముందు చెప్పులు విడుస్తూ రోజూ చూసే గడియారాలు ఇవి.

"ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా" అనేవాళ్లకి ఒక లెక్క చెబుతాను. 2017లో అసర్ అనే సర్వే జరిగింది. ఇది నమాజ్ అసర్ కాదు, ఉర్దూలో అలాగే పలికే ఇంకో మాట, దాని మానె ప్రభావం. దేశంలోని కొన్ని గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలకి గడియారం బొమ్మ చూపించి టైమ్ అడిగారు. సరిగ్గా గంట కొట్టే టైమ్ చూపిస్తే 83 శాతం మంది సరిగా చెప్పారు. అరగంట టైమ్ చూపించేసరికి అది 60 శాతం లోపుకి పడిపోయింది. మూడో క్లాసు పిల్లలు కాదు, మీసాలు వస్తున్న పిల్లలు. గంటకీ అరగంటకీ మధ్య మారిందేమిటి? గంట కొట్టినప్పుడు చిన్న ముల్లు అంకె మీద ఉంటుంది. అరగంటకి రెండు అంకెల నడిమధ్య ఉంటుంది. మధ్యలో ఉన్న ముల్లుని చదవడం వాళ్లకి ఎవరూ నేర్పలేదు. "చిన్న ముల్లు గంట చూపిస్తుంది, పెద్ద ముల్లు నిమిషాలు చూపిస్తుంది" అని ఒక వాక్యం బట్టీ పట్టించారు, అంతే. ఆ వాక్యం తప్పు కాదు, సగం. చిన్న ముల్లు గంట చూపించదు, గంటలో ఎంత నడిచిందో చూపిస్తుంది.

బడిలో గడియారం పాఠం ఎలా జరుగుతుందో మా భాంజా నోటుబుక్కులోనే చూశాను. గుండ్రటి బొమ్మలు అచ్చేసిన కాగితం ఇచ్చి, కింద రాసిన టైమ్‌కి ముళ్లు గీయమన్నారు. వాడు 4:30కి చిన్న ముల్లు సరిగ్గా 4 మీద గీశాడు. దానికి రైట్ మార్కు పడింది. 10:45కి చిన్న ముల్లు 11 దగ్గరగా గీశాడు. అక్కడ తప్పు మార్కు. ఏ బడి అని అడక్కండి, చాలా బళ్లలో ఇదే తంతు. వాడికి వచ్చిందల్లా ఏమిటంటే, కళ్లతో చూసింది గీస్తే తప్పు, అంకె మీద పెట్టేస్తే రైట్. అంటే బడిలో అబద్ధానికి మార్కు, మస్జిద్‌లో అదే అబద్ధానికి అద్దం తలుపు.

ఇప్పుడు కాగితం గడియారం సంగతి. ఇంట్లో చేసి పిల్లలకి నేర్పడం మంచి పద్ధతే. అందరూ చెప్తారు, నేనూ ఒప్పుకుంటాను. అట్టముక్క, రెండు ముళ్లు, మధ్యలో ఒక గుండీ. కానీ దాంట్లోనూ అదే రోగం దాగి ఉంది. నడిచే గడియారంలో రెండు ముళ్లనీ లోపలి పళ్ల చక్రాలు ఒకదానికొకటి కట్టేస్తాయి. పెద్దది ఒక చుట్టు తిరిగితే చిన్నది ఒక్క గడి జరగాల్సిందే. కాగితం గడియారంలో ఆ కట్టు లేదు. ఏ ముల్లునైనా ఎక్కడైనా పెట్టొచ్చు. మస్జిద్ బోర్డూ అంతే, అది కూడా పెద్ద కాగితం గడియారమే. కాబట్టి ఆ కట్టుని బొమ్మ మీద మనమే గీయాలి. లేకపోతే పిల్లలు అట్టతో అబద్ధాలు ఆడుకోవడమే నేర్చుకుంటారు.

మా ఇంట్లో చేసింది చెబుతాను. పాత షాదీ రుఖా ఒకటి తీసుకున్నాం. మన ఇళ్లల్లో వాటికి కొరత లేదు, అట్ట కూడా గట్టిగా ఉంటుంది. అన్నం తినే ప్లేటు బోర్లించి గుండ్రంగా గీశాం. అంకెలు కంటితో అంచనా వేసి రాస్తే ఒక పక్క ఇరుగ్గా, ఒక పక్క వెడల్పుగా వస్తాయి. అలా వస్తే చిన్న ముల్లు నడక చూపించలేం. అందుకని అదే కొలతకి ఒక అఖ్బార్ కాగితం కత్తిరించి మడిచాం. సగానికి ఒకసారి, మళ్లీ సగానికి ఒకసారి. విప్పితే 12, 3, 6, 9 చోట్లు వచ్చాయి. మళ్లీ ఆ నాలుగో వంతుని మూడు సమాన మడతలు వేస్తే పన్నెండు గీతలు తయారు. దాన్ని అట్ట మీద పెట్టి గుర్తులు దించాం.

అసలు కిటుకు తర్వాత ఉంది. అంకెల వలయం లోపల, చిన్న ముల్లు కొన తగిలే చోట, ఇంకో వలయం గీశాం. ఆ లోపలి వలయం మీద ప్రతి రెండు అంకెల మధ్యా మూడు చుక్కలు పెట్టించాను. పావు దూరంలో ఒకటి, సగంలో ఒకటి, ముప్పావులో ఒకటి. పన్నెండు గడులు, ముప్పయ్యారు చుక్కలు. వాడే పెట్టాడు, నాలుక బయటపెట్టి మరీ.

ఈ చుక్కలకి కొత్త పేర్లు వెతుక్కోనక్కర్లేదు, మన జబాన్‌లోనే ఉన్నాయి. ఏడు దాటాక మొదటి చుక్క సవా సాత్. రెండో చుక్క సాఢే సాత్. మూడో చుక్క పౌనే ఆఠ్. తెలుగులో చెప్పినా అంతే. ఏడుంపావు, ఏడున్నర, పావు తక్కువ ఎనిమిది. మూడో చుక్క దగ్గర రెండు భాషలూ ఎనిమిదినే పిలుస్తున్నాయి, గమనించండి. ఆ మాటలు చిన్న ముల్లు ఉన్న చోటుతో సరిగ్గా కుదురుతాయి. ముల్లు ఎనిమిది ముంగిట్లో నిలబడి ఉంది కాబట్టి పౌనే ఆఠ్. "సెవెన్ ఫార్టీఫైవ్" అనేది ముల్లుని చూడని మాట, అంకెలు చదివే మాట. మన పిల్లల నోటి నుంచి సవా, పౌనే పోయిన రోజే గడియారం ముఖం సగం చెరిగిపోయింది. ఇంగ్లీషు మీడియం మీద నాకు ఏ నఫ్రత్ లేదు, మా పిల్లలూ అక్కడే చదువుతున్నారు. కానీ "టైమ్ ఎంత" అని ఇంట్లో అడిగినప్పుడు కూడా మనమే ఇంగ్లీషు అంకెల్లో జవాబు చెబుతుంటే తప్పు బడిది కాదు.

చిక్కులు లేవని కాదు. ఒంటిగంటన్నరకి మనం సాఢే ఏక్ అనం, డేఢ్ అంటాం. రెండున్నరకి ఢాయీ. పన్నెండూ నలభై ఐదుకి ఉత్త "పౌన్ బజే", ఒంటిగంటా పావుకి ఉత్త "సవా బజే". పిల్లలు ఇక్కడ తడబడతారు. అందుకని మొదట మూడు నుంచి పన్నెండు దాకా గంటల మీదే ఆడించి, ఒకటీ రెండూ చివర్లో తీసుకున్నాను. జుమా టైమ్ డేఢ్ బజే అయితే ఆ మాట వాడికి ఎలాగూ చెవిలో ఉంటుంది.

ముళ్లు బిగించడానికి టిచ్ బటన్ వాడాం. రెండు రోజుల్లోనే కాగితం చిల్లు పెద్దదై ముళ్లు వాటంతటవే 6 దగ్గరికి జారడం మొదలెట్టాయి. పిల్లాడు పెట్టింది ఒకటి, మనం చూసేసరికి ఇంకొకటి. చిల్లు చుట్టూ ప్లాస్టిక్ ముక్క అతికిస్తే ఆ బాధ తీరింది. చిన్న ముల్లు కొన లోపలి వలయం దాటకూడదు, పెద్ద ముల్లు అంచు దాకా రావాలి. రెండూ ఇంచుమించు ఒకే పొడుగు ఉంటే ఏది ఏదో తెలియక పిల్లలు తలకిందులు చేస్తారు, నాలుగున్నరని ఆరూ ఇరవై అంటారు. మేం చిన్నదానికి ఎర్ర రంగు వేశాం.

మొదటి వారం పెద్ద ముల్లు బిగించనే లేదు. నా జేబులో పెట్టుకున్నాను. మా చెల్లి నవ్వింది, "ఒక కాలితో గడియారం నడుస్తుందా భాయిజాన్" అని. నడుస్తుంది. ఒక్క చిన్న ముల్లుతోనే పావుగంట తేడా దాకా టైమ్ చెప్పొచ్చు, ఆ మూడు చుక్కలు దానికే. ఎర్ర ముల్లుని ఐదు దాటాక రెండో చుక్క మీద పెట్టి అడిగేవాణ్ని: "ఇప్పుడు నువ్వెక్కడ ఉంటావు? మక్తబ్‌లోనా, గల్లీలోనా?" వాడి రోజు వాడికి తెలుసు కదా. అసర్ తర్వాత ఆట, మగ్రిబ్ అజాన్‌కి ఇంటికి, మగ్రిబ్ తర్వాత సబక్. "దాటిన అంకె ఏది, రాబోయే అంకె ఏది?" అని ప్రతిసారీ అడగాలి. ఈ ఒక్క అలవాటు పడితే 4:45ని 5:45 అని చదివే తప్పు పోతుంది. ముల్లు ఐదుకి దగ్గరగా ఉంది కదా అని ఐదు అనేసే పిల్లలే ఎక్కువ. ఐదు ఇంకా రాలేదని వాళ్లకి అనిపించాలి.

రోజువారీ ప్రశ్నలు అడగమని అందరూ సలహా ఇస్తారు. కానీ చాలామంది అడిగే ప్రశ్నలు ఉత్తవి. "బడికి ఎన్నింటికి వెళ్తావు?" తొమ్మిదింటికి. ఈ జవాబుకి గడియారం అక్కర్లేదు, నోటికొచ్చిన సంగతి. అట్ట వైపు చూడకుండా జవాబు చెప్పగలిగితే ఆ ప్రశ్న గడియారం ప్రశ్న కాదు. ముల్లు చూస్తే తప్ప తేలనిది అడగాలి. ముల్లు ఒకచోట పెట్టి, "అసర్ జమాఅత్ పౌనే పాంచ్‌కి. నువ్వు ఇప్పుడే నిద్ర లేచావు. జమాఅత్ దొరుకుతుందా, అయిపోయిందా?" అంటే వాడు చుక్కలు చూడాల్సిందే. దొరుకుతుందంటే, "వుజూకి పావుగంట, నడకకి పావుగంట అనుకో, అప్పుడో?" వాడు వేలితో రెండు చుక్కలు వెనక్కి నడిచి, "సవా చార్‌కే లేవాలి" అన్నాడు. తీసివేత నేర్పకుండానే తీసివేత జరిగింది.

రెండో వారం పెద్ద ముల్లు బిగించాం. కాయిదా ఒకటే. వాడు పెద్ద ముల్లు ఎక్కడ పెడితే, చిన్న ముల్లు ఏ చుక్క మీద ఉండాలో కూడా వాడే పెట్టాలి. పెద్దది 3 మీదుంటే చిన్నది మొదటి చుక్క. 6 మీదుంటే రెండో చుక్క. 9 మీదుంటే మూడో చుక్క. పెద్దది 12కి వస్తేనే చిన్నది అంకె మీద కూర్చోవాలి. వేరే ఏ జత అయినా "ఝూఠీ ఘడీ". కావాలనే నేను తప్పు జతలు పెట్టి చూపించేవాణ్ని. పెద్దది 6 మీద, చిన్నది సరిగ్గా 5 మీద. "ఝూఠీ!" అని అరిచేవాడు. గడియారం చదవడం వచ్చిందా లేదా అని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు కనిపించలేదు. టైమ్ చెప్పగలిగే పిల్లలు చాలామందే. అసాధ్యమైన టైమ్‌ని పట్టుకోగలిగిన పిల్లాడికి మాత్రం గడియారం నిజంగా అర్థమైనట్టు.

నిమిషాలు ఐదేసి చొప్పున లెక్కపెట్టడం ఆ తర్వాతే. ఐదో ఎక్కం రాని పిల్లకి నిమిషాలు నేర్పకండి. 9 మీద పెద్ద ముల్లు చూసి తొమ్మిది నిమిషాలు అంటుంది, మీకు కోపం వస్తుంది, దానికి ఏడుపొస్తుంది. పావు, అర, ముప్పావు చాలు, ఏడాది పాటు చాలు. ఇంకో మాట. అట్ట గడియారం తనంతట నడవదు. సమయం మెల్లగా జరగడాన్ని అది చూపించలేదు. గోడ మీద నడిచే గడియారం ఒకటి ఇంట్లో ఉండాలి, పిల్లల కంటికి అందే ఎత్తులో. అది ఆగిపోయి మూడు నెలలైనా సెల్లు మార్చని ఇళ్లు నాకు తెలుసు.

నిమిషాలు వచ్చాక లెక్కల్లో ఒక గుంట ఉంది. మా అబ్బా ఇంట్లో హైదరాబాద్‌లో అచ్చయిన నమాజ్ టైమ్‌టేబుల్ వేలాడుతోంది. హైదరాబాద్‌కి మనం తూర్పున ఉన్నాం. భూమి మీద ఒక్క డిగ్రీ తూర్పుకి జరిగితే సూర్యుడు నాలుగు నిమిషాలు ముందు వస్తాడు, ముందు పోతాడు. భద్రాచలం హైదరాబాద్‌కి దాదాపు రెండున్నర డిగ్రీలు తూర్పు. అంటే గురూబ్ ఇక్కడ ఇంచుమించు పది నిమిషాలు ముందే. ఖమ్మంలో ఏడు నిమిషాల దాకా తేడా. డిసెంబరు మొదట్లో హైదరాబాద్‌లో 5:40 ప్రాంతంలో సూర్యుడు దిగితే ఇక్కడ 5:30కే దిగిపోతాడు. రమజాన్‌లో హైదరాబాద్ కాగితం చూసి ఇఫ్తార్ చేసేవాళ్లు పది నిమిషాలు ఊరికే ఆకలితో ఉంటున్నారు. సహ్రీ విషయంలో ఆ తేడా ఇంకా ఖతర్నాక్, టైమ్ అయిపోయాక కూడా తింటూ ఉంటారు.

ఇది మావాడికి ప్రశ్నగా ఇచ్చాను. "కాగితంలో గురూబ్ 6:05 అని ఉంది. మన ఊళ్లో ఎప్పుడు?" వాడు నోటుబుక్కు తీసి 605లోంచి 10 తీసేశాడు. 595 వచ్చింది. 5:95 అని రాసి, నా మొహం చూసి, కొట్టేశాడు. గంటలో నూరు నిమిషాలు ఉన్నట్టు లెక్క చేసే ఈ తప్పు పదో క్లాసు పిల్లల్లోనూ చూశాను. ఫోన్ అంకెలు చూసి పెరిగితే ఇలాగే ఉంటుంది, మామూలు లెక్కకీ టైమ్ లెక్కకీ తేడా కనిపించదు. అట్ట చేతికిచ్చాను. పెద్ద ముల్లు 1 మీద పెట్టాడు. ఐదు నిమిషాలు వెనక్కి తిప్పితే 12 మీదికి వచ్చింది, ఇంకో ఐదు తిప్పితే 11 మీదికి. "పాంచ్ బజ్‌కే పచ్‌పన్" అన్నాడు. అని ఆగి, చిన్న ముల్లుని 6 మీంచి వెంట్రుకవాసి వెనక్కి జరిపాడు. ఆ వెంట్రుకవాసి చూసి నేను మనసులో అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాను. అబ్బా కూడా మంచం మీంచి చూస్తూనే ఉన్నారు. ఏమీ అనలేదు. కాసేపాగి, "ఇషాకి ఎన్నింటికి బయల్దేరాలి బేటా" అని వాణ్నే అడిగారు.

ఇక కమిటీ వాదన. నేను ఈ మాట ఎత్తగానే ఒక పెద్దాయన అన్నది ఇదీ: "ఇన్ని బాధలెందుకు, ఎల్‌ఈడీ బోర్డు పెట్టిద్దాం. అంకెలు ఎర్రగా మెరుస్తాయి, ఎవరికీ తప్పు రాదు." ఎల్‌ఈడీ బోర్డుకి నేను ముఖాలిఫ్ కాదు. తులూ, గురూబ్ టైమ్‌లు కొద్దికొద్దిగా మారుతుంటాయి, దానికి అంకెల బోర్డే మేలు. పెట్టండి. కానీ చేతి బోర్డు తీసేసి పెట్టకండి. అడవి అంచున ఉన్న మన ఊళ్లల్లో గాలివాన వస్తే కరెంటు ఎన్ని గంటలు పోతుందో మీకు తెలుసు, ఆ పూట ఎల్‌ఈడీ నల్లటి పలక. పైగా అంకెల బోర్డు ఇప్పుడెంతో చెబుతుంది, ఇంకెంత ఉందో చూపించదు. ముల్లుకీ జమాఅత్ గీతకీ మధ్య ఖాళీ కంటికి కనిపిస్తుంది, వుజూ చేసుకుంటున్న పిల్లాడు అది చూసి చేతులు త్వరగా కడుగుతాడు.

ఇంకొకాయన, "ఊళ్లో అందరికీ టైమ్ తెలుసు, ముల్లు ఎక్కడుంటే ఏం" అన్నాడు. మన జిల్లాలో పేరు ఒకటి, చోటు ఒకటి కొత్త కాదని నవ్వుకున్నాను. భద్రాచలం రోడ్ అని బోర్డు ఉన్న రైల్వే స్టేషన్ కొత్తగూడెంలో ఉంది, తెలిసినవాళ్లకి ఏ బాధా లేదు. రైలు దిగి ఇక్కడే భద్రాచలం అనుకునే ముసాఫిర్‌కి కదా బాధ. మస్జిద్‌లోనూ అంతే. ఊరివాళ్లకి బోర్డే అక్కర్లేదు. బోర్డు ముసాఫిర్‌కి, జ్వరంతో వారం రాని ముసలాయనకి, చదవడం నేర్చుకుంటున్న పిల్లలకి. తప్పుగా పెట్టి, వాళ్ల ముగ్గురికే తప్పు చెబుతున్నాం.

నేను అడిగేది ఖర్చుతో కూడింది కాదు. చందా వద్దు, తీర్మానం వద్దు. ముళ్లు తిప్పే ఆయన నోట్లో "ఎనిమిది నలభై ఐదు" బదులు "పౌనే నౌ" అనుకుని, చిన్న ముల్లుని తొమ్మిదికి పావు దూరంలో పెడితే చాలు. డేఢ్ బజే అయితే ఒకటికీ రెండుకీ నడిమధ్య. సవా పాంచ్ అయితే ఐదు దాటి పావు దూరం. కావాలంటే లోపలి వలయం మీద మూడేసి చుక్కలు స్కెచ్ పెన్‌తో పెట్టించండి, మా భాంజా దసరా సెలవులకి వస్తాడు, వాడే పెడతాడు.

రెండు జుమాలు అయ్యాయి, సదర్ సాబ్ "చూద్దాం" అంటున్నారు. ఈ జుమా నమాజ్ అయ్యాక బోర్డు తాళంచెవి పది నిమిషాలు నాకిస్తే చాలు. స్టూలు మా ఇంటి నుంచే తెచ్చుకుంటాను.